తాళం వేసినా మాట్లాడే ఫోన్

మనవాళ్లకు ఫ్లిప్ కవర్ అంటే సగం పర్సు. లోపలి అరలో డెబిట్ కార్డు, దాని వెనక ఆధార్ జిరాక్సు, మడత పెట్టిన ఐదువందల నోటు. ఫోన్‌కు పిన్ ఉంది, వేలిముద్ర ఉంది, కాబట్టి ఎక్కడైనా పోయినా లోపలి సంగతులు ఎవరికీ అందవని ధీమా. అలాంటి ఫోన్ పెళ్లి మండపంలో కుర్చీ మీద మరిచిపోయారనుకోండి. దొరికినవాడి చేతిలో ఇప్పుడు కార్డు ముందున్న పదహారు అంకెలు, గడువు తేదీ, వెనకున్న మూడంకెల సీవీవీ ఉన్నాయి. తన ఫోన్‌లో ఏదో షాపింగ్ సైటు తెరిచి ఆ అంకెలు కొడతాడు. మన దగ్గర ఆన్‌లైన్‌లో కార్డుతో కొంటే మామూలుగా అంతటితో పని కాదు, ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ వచ్చేది ఎక్కడికి? వాడి ఎడమ చేతిలో ఉన్న మీ ఫోన్‌కే. తెర వెలుగుతుంది. ఇంత మొత్తానికి మీ ఓటీపీ ఇది, ఎవరికీ చెప్పవద్దు అని బ్యాంకు పంపిన మెసేజీ మొత్తం గడియారం కింద నిలువునా కనిపిస్తుంది. పిన్ అడగలేదు, వేలు అడగలేదు. ఎవరికీ చెప్పవద్దన్న మాటను ఫోనే ముందు మీరింది.

ఇది హ్యాకింగ్ కాదు, ఫోన్‌లో లోపమూ కాదు. ఫోన్ తనకు చెప్పిన పనే చేసింది. తాళం తీయకుండానే ఏం వచ్చిందో చూసుకునే సౌకర్యం మనకు బాగా అలవాటైంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు కొన్ననాటి నుంచే మెసేజీలోని మాటలన్నీ తాళం తెర మీద చూపించేలా ఉంటాయి. దాన్ని మార్చుకోవడానికి రెండు నిమిషాలు చాలు. కాకపోతే ఏది దాగుతుందో, ఏది దాగదో, దాగిందనుకున్నది ఎక్కడి నుంచి బయటికి వస్తుందో కొంచెం తెలిసి మార్చుకుంటే మంచిది.

ఆండ్రాయిడ్‌లో నోటిఫికేషన్లు పూర్తిగా తాళం తెర మీదికి వచ్చింది 2014లో, 5.0 వెర్షన్‌తో. వాటిని దాచుకునే వీలు కూడా దానితోనే వచ్చింది. యాప్ తయారుచేసేవాళ్లు తాము పంపే ప్రతి నోటిఫికేషన్‌కూ ఒక ముద్ర వేయొచ్చు. అందరూ చూడొచ్చు అన్నది మొదటిది. పాట ఆపే, మార్చే బటన్ల లాంటివి ఇందులోకి వస్తాయి. రెండోది సొంత విషయం. యజమాని దాచమంటే యాప్ పేరు, గుర్తు మాత్రమే కనబడి లోపలి మాటలు పోతాయి. మూడోది రహస్యం. అది తాళం తెర మీదికి రానే రాదు. తయారుచేసినవాళ్లు ఏ ముద్రా వేయకపోతే దాన్ని రెండో రకంగానే లెక్కిస్తారు. మన సెట్టింగ్ పనిచేసేది ముఖ్యంగా ఈ రెండో రకం మీద. ఫలానా సంగతి గుట్టుగా ఉంచాల్సిందని ఫోన్ చదివి తేల్చదు, యాప్ వేసిన ముద్రను బట్టి నడుచుకుంటుంది. అన్నీ దాచమని పెట్టాక కూడా ఏదో ఒక యాప్ తన మాటలన్నీ బయట పెడుతుంటే కారణం ఇదే. దానికి మందు వేరే ఉంది, కాసేపట్లో చెబుతాను.

ముందు అసలు మార్పు. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ తెరిచి Notifications లోకి వెళ్తే లాక్ స్క్రీన్ గురించి ఒక వరుస ఉంటుంది. పిక్సెల్ లాంటి ఫోన్లలో Sensitive notifications అనే మీట కనిపిస్తుంది, దాన్ని ఆపేయాలి. శాంసంగ్‌లో Lock screen notifications లోకి వెళ్లి Hide content ఎంచుకోవాలి. మిగతా కంపెనీలు ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టుకున్నారు, అప్‌డేట్ వచ్చినప్పుడల్లా చోటు కూడా మారుస్తుంటారు. మెనూలన్నీ తిరిగే బదులు సెట్టింగ్స్ పైన వెతికే పెట్టెలో lock screen అని కొట్టడం సుఖం. సాధారణంగా మూడు దారులు ఉంటాయి. అన్నీ చూపించడం, నోటిఫికేషన్ వచ్చినట్టు చూపించి మాటలు దాచడం, అసలేమీ చూపించకపోవడం. చాలామందికి మధ్యదే సరిపోతుంది. మూడోది పెట్టుకున్నవాళ్లు ముఖ్యమైన మెసేజీ వచ్చిన సంగతే తెలియక, రెండు రోజులకు విసిగి మళ్లీ మొదటిదానికే వెళ్లిపోతారు.

ఇక్కడ ఒక షరతు. ఫోన్‌కు నిజమైన తాళం ఉంటేనే దాచడానికి అర్థం. వేలితో ఇలా తోస్తే తెరుచుకునే ఫోన్‌లో తాళమే లేదు, ఇక దాచేదేముంది? మీ ఫోన్‌లో దాచే దారి కనిపించకపోతే పిన్ పెట్టుకున్నారో లేదో ముందు చూసుకోండి. పెద్దవాళ్ల ఫోన్లలో చాలాసార్లు తేలేది ఇదే.

ఐఫోన్‌లో పద్ధతి ఇంకొంచెం తెలివిగా ఉంటుంది. సెట్టింగ్స్‌లో Notifications, అందులో Show Previews. అక్కడ Always, When Unlocked, Never అని మూడు ఉంటాయి. 2017లో ముఖం చూసి తెరుచుకునే ఐఫోన్ టెన్ వచ్చినప్పటి నుంచి ఆ తరహా ఫోన్లలో మధ్యదే ముందుగా పెట్టి ఉంటుంది. ఫోన్ బల్ల మీద ఉన్నంతసేపూ మాటలు కనబడవు. యజమాని చేతిలోకి తీసుకుని చూడగానే ముఖం గుర్తుపట్టి, తాళం తెర మీదే మాటలు విప్పుతుంది. పక్కవాడు తీసుకుంటే విప్పదు. వేలిముద్రతో తెరుచుకునే ఐఫోన్లలో మాత్రం ఇది చాలాసార్లు Always మీదే ఉంటుంది. తల్లిదండ్రులకు మన పాత ఐఫోన్ ఇచ్చినప్పుడు దీన్ని మార్చి ఇవ్వాలి. Never పెడితే తాళం తీసి ఉన్నప్పుడు పైనుంచి దిగే పట్టీలో కూడా మాటలు రావు. పదిమందికి తెర చూపిస్తూ పాఠం చెప్పేవాళ్లకు అది పనికొస్తుంది. ఆండ్రాయిడ్‌లో మనం మార్చిన సెట్టింగ్ తాళం తెరకే పరిమితం. తాళం తీసి పక్కవాళ్లకు ఫొటోలు చూపిస్తున్నప్పుడు పైనుంచి దిగే మెసేజీని అది ఆపదు.

మార్చాక చాలామంది ఫోన్‌కు తాళం వేసి, ఇంకో నంబరు నుంచి మెసేజీ పంపించుకుని చూస్తారు. మాటలన్నీ కనిపిస్తాయి. ఇది పనిచేయడం లేదని తీర్మానించేస్తారు. జరిగింది ఏమిటంటే, ముందుకు వంగి చూస్తున్నది వాళ్లే కాబట్టి ఫోన్ వాళ్ల ముఖాన్ని గుర్తుపట్టింది. ఇంకో కారణం కూడా ఉండొచ్చు. తెర ఆరిన వెంటనే తాళం పడదు. ఎన్ని సెకన్లకు పడాలో చెప్పే సెట్టింగ్ వేరే ఉంటుంది, కొందరు దాన్ని ఐదు నిమిషాలకు పెట్టుకుని మరిచిపోతారు. మూడో కారణం ఆండ్రాయిడ్‌లోని Extend Unlock. పాత ఫోన్లలో దీని పేరు Smart Lock. ఇంట్లో ఉన్నప్పుడో, కారు బ్లూటూత్ తగిలినప్పుడో, జేబులో కదులుతున్నప్పుడో ఫోన్‌ను తీసి ఉన్నట్టే ఉంచమని ఎప్పుడో ఒప్పుకుని ఉంటాం. ఆ సమయంలో తాళం తెర కనిపిస్తున్నా మాటలు దాగవు. అందుకే పరీక్ష సరిగా చేయాలంటే సైడు బటన్ నొక్కి తాళం వేసి, ఫోన్‌ను ఇంట్లో ఇంకొకరి చేతికిచ్చి మీరు దూరంగా జరగండి. అప్పుడు ఏదైనా యాప్‌లో ఓటీపీ అడిగి, మెసేజీలో ఏం కనిపిస్తోందో వాళ్లనే పైకి చదవమనండి. అంకెలు చదివారంటే ఇంకా పని మిగిలే ఉంది.

మాటలు దాచినంత మాత్రాన కొన్ని సంగతులు దాగవు. ఒకావిడ ఉద్యోగం మారాలనుకుంటోంది. ఫోన్‌ను ఆఫీసు బల్ల మీద పెట్టి పని చేసుకుంటోంది. పక్కనే మేనేజరు నిలబడి లెక్కలు చూస్తున్నాడు. తెర వెలిగింది. లోపలి మాటలు లేవు, కానీ ఉద్యోగాలు వెతికే యాప్ గుర్తు, పేరు రెండూ కనబడ్డాయి. మేనేజరుకు అంతకంటే కావలసిందేముంది? పెళ్లి సంబంధాల యాప్, అప్పులిచ్చే యాప్, గర్భధారణ లెక్కలు చూసే యాప్, ఫలానా జబ్బుకే పేరుపడ్డ ఆసుపత్రి యాప్, వీటన్నిటికీ పేరే సమాచారం. ఇలాంటివాటికి ఒక్కొక్కదానికీ విడిగా తాళం తెర మీద చోటు లేకుండా చేయాలి. ఆండ్రాయిడ్‌లో ఆ యాప్ గుర్తును నొక్కి పట్టుకుంటే వచ్చే App info లోంచి నోటిఫికేషన్లలోకి వెళ్తే, చాలా ఫోన్లలో లాక్ స్క్రీన్ అనే వరుస కనిపిస్తుంది, దాన్ని ఆపేయొచ్చు. కొన్నింట్లో ఆ వరుస ఇంకా లోపల ఉంటుంది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఒక్కో యాప్ నోటిఫికేషన్లను ఆఫర్లు, లావాదేవీలు అంటూ విడివిడి రకాలుగా చూపిస్తుంది. రకం మీద నొక్కితే దానికి తాళం తెర మీద ఏం కావాలో విడిగా అడుగుతుంది. ఐఫోన్‌లోనైతే Notifications లో ఆ యాప్ తెరిచి Lock Screen అన్న గుర్తు మీద టిక్కు తీసేస్తే సరి. ఇందాక చెప్పిన మొండి యాప్‌లకు కూడా ఇదే మందు.

వాట్సాప్‌కు తనదంటూ వేరే తలుపు ఉంది. ఆండ్రాయిడ్ వాట్సాప్‌లో Privacy కింద App lock పెట్టుకున్నవాళ్లకు Show content in notifications అనే మీట కనిపిస్తుంది. అది ఆపితే పంపినవారి పేరు, మాట రెండూ నోటిఫికేషన్‌లో రావు. ఒక్క మనిషితో మాటలే దాచుకోవాలంటే ఆ చాట్‌కు మాత్రం తాళం వేయొచ్చు. 2023 నుంచి ఆ వీలుంది. అప్పుడు ఆ మనిషి నుంచి వచ్చే నోటిఫికేషన్‌లో పేరు లేకుండా కొత్త మెసేజీ వచ్చిందన్న ఒక్క ముక్కే ఉంటుంది. సిగ్నల్ వాడేవాళ్లకు పేరూ మాటా, పేరు మాత్రమే, ఏదీ వద్దు అని మూడు ఎంపికలు యాప్‌లోనే ఇచ్చారు. నన్నడిగితే ఇదే అన్నిటికంటే తేటగా ఉంది.

అన్నీ దాచేయడం కూడా తెలివైన పని కాదు. ఆటో ఎక్కేటప్పుడు డ్రైవరుకు చెప్పాల్సిన నాలుగంకెలు తాళం తెర మీదే కనబడితే హాయి, వాటితో ఎవడూ మన ఖాతా తెరవలేడు. కరెంటు కోత కబురు, బడి బస్సు బయల్దేరిందన్న కబురు దాచాల్సిన పని లేదు. కొన్నింటిని మనమే కావాలని బయట పెట్టుకోవాలి. రోడ్డు మీద కళ్లు తిరిగి పడిపోతే, చుట్టూ ఉన్నవాళ్లకు మన రక్తం గ్రూపు, వేసుకునే మందులు, ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలన్నది తెలియాలి. ఆండ్రాయిడ్‌లో Safety & emergency లో ఈ వివరాలు నింపి, తాళం తెర మీద చూపేందుకు ఒప్పుకుంటే, Emergency call నొక్కినవాళ్లకు అవి కనిపిస్తాయి. ఐఫోన్‌లో Health యాప్‌లోని Medical ID లో నింపి Show When Locked పెట్టాలి. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందు వాడేవాళ్లు ఇది తప్పక చేయాలి. ఇంట్లోవాళ్ల నంబరును తాళం తెర మీద రాసిపెట్టుకునే వీలు కూడా చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉంది. ఫోన్ దొరికినవాళ్లు మంచివాళ్లయితే తిరిగి ఇవ్వడానికి అదే ఆధారం.

ఇప్పుడు మళ్లీ పెళ్లి మండపంలోని ఫోన్ దగ్గరికి వద్దాం. మీరు మాటలు దాచి పెట్టారు. వాడు కార్డు అంకెలు కొట్టాడు, మీ తెర మీద మెసేజీ వచ్చిందని తెలిసింది, ఓటీపీ మాత్రం కనబడలేదు. అక్కడితో వాడు ఆగకపోతే? ఓటీపీని ఫోన్ చేసి చెప్పే పద్ధతి కూడా కొన్ని చోట్ల ఉంది. వాట్సాప్‌లో కొత్తగా నంబరు నమోదు చేసేటప్పుడు మెసేజీ అందకపోతే కాల్ చేయమనొచ్చు. తాళం వేసిన ఫోన్‌లో కూడా వచ్చిన కాల్ ఎవరైనా ఎత్తొచ్చు, అవతల గొంతు అంకెలు చదివేస్తుంది. నోటిఫికేషన్ దాచడం దీన్ని ఆపలేదు. ఆపేది వాట్సాప్‌లో Account కింద ఉండే Two-step verification. అక్కడ పెట్టుకున్న ఆరంకెల పిన్ తెలియకుండా, వచ్చిన కోడ్ ఒక్కటే పట్టుకుని మీ ఖాతాను ఇంకో ఫోన్‌లోకి ఎక్కించుకోలేరు.

ఇంతకంటే సులువైన దారి సిమ్. సన్నని పిన్నుతో ట్రే లాగి, మీ సిమ్‌ను తన ఫోన్‌లో వేసుకుంటే మీ తాళంతో వాడికి పనే లేదు. ఓటీపీలన్నీ నేరుగా వాడికే వస్తాయి. దీనికి అడ్డు సిమ్ పిన్. ఆండ్రాయిడ్‌లో సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో SIM lock అనీ, ఐఫోన్‌లో మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో SIM PIN అనీ ఉంటుంది. పెట్టుకున్నాక సిమ్‌ను ఏ ఫోన్‌లో వేసినా ముందు ఆ పిన్ కొట్టాలి. మొదటిసారి పెట్టేటప్పుడు సిమ్‌కు ముందే ఉన్న పిన్ అడుగుతుంది. అది ఊహించి కొట్టొద్దు, మీ టెలికాం కంపెనీని కనుక్కోండి. వరసగా మూడుసార్లు తప్పితే సిమ్ బిగుసుకుపోయి పీయూకే కోడ్ అడుగుతుంది. ఆ కోడ్‌ను కంపెనీయే ఇస్తుంది. దాన్నీ పదిసార్లు తప్పు కొడితే సిమ్ ఇక పనికిరాదు, కొత్తది తీసుకోవాల్సిందే. ఇంకో చిక్కు కూడా ఉంది. ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేసినప్పుడల్లా సిమ్ పిన్ కొట్టాలి, కొట్టేదాకా కాల్స్ రావు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఫోన్‌కు ఇది పెట్టేముందు ఆలోచించండి. ఫోన్ రాత్రిపూట తనంతట తానే అప్‌డేట్ అయి రీస్టార్ట్ అయితే, పొద్దున్నుంచీ అమ్మ ఫోన్ ఎత్తడం లేదని మీరు కంగారు పడాల్సి వస్తుంది. ఫోన్‌లోనే ఇమిడి ఉండే ఈసిమ్‌కు మాత్రం ఈ బాధ తక్కువ, దాన్ని ట్రే లాగి తీయడానికి కుదరదు.

కార్డు సంగతి కూడా చెప్పేయాలి. 2021 జనవరి నుంచి ఐదు వేల రూపాయల దాకా కార్డును మెషిన్‌కు తాకించి పిన్ లేకుండానే చెల్లించే వీలుంది. మీ కార్డులో ఆ సదుపాయం తెరిచి ఉంటే, ఆ కవర్ దొరికినవాడికి ఓటీపీతో పనే లేదు. ఫోన్‌లో ఎన్ని సెట్టింగ్‌లు మార్చినా దీనికి తోడ్పడవు. కార్డును ఫోన్ కవర్‌లోంచి తీసి వేరే చోట పెట్టుకోవడం, ట్యాప్ వాడనివాళ్లు బ్యాంకు యాప్‌లో ఆ సదుపాయం ఆపేయడం, ఇవే దారులు.

దాచిన మాటలు బయటికి వచ్చే చోట్లు ఇంకా ఉన్నాయి. చేతి గడియారానికి నోటిఫికేషన్లు వెళ్తుంటే ఫోన్ దాచినది అక్కడ కనిపించొచ్చు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ తెరిచి ఉంచి టీకి వెళ్తే, తెర మూలన మెసేజీ దానంతట అదే లేస్తుంది. ఇక ఇంటిల్లిపాదికీ పిన్ తెలిసిన ఫోన్ అయితే ఈ సెట్టింగ్ ఇంటి బయటివాళ్ల నుంచే కాపాడుతుంది, ఇంట్లోవాళ్ల నుంచి కాదు. భర్తో, అత్తగారో రోజూ ఫోన్ తీసి చూసే ఇంట్లో తాళం తెర మీద మాటలు దాచడం వల్ల ఒరిగేది తక్కువ. చాట్‌కు విడిగా తాళం వేసి, దానికి ఫోన్ పిన్ కాకుండా వేరే రహస్య కోడ్ పెట్టుకునే వీలు వాట్సాప్‌లో ఉంది. అలాంటి ఇళ్లలో అదే పనికొస్తుంది.

ఓపిక లేనివాళ్లు మొత్తం చేయనక్కర్లేదు. ముందు మాటలు దాచండి, తర్వాత కార్డు కవర్‌లోంచి తీయండి, వాట్సాప్‌కు ఆరంకెల పిన్ పెట్టండి. సిమ్ పిన్ ఆదివారం తీరిగ్గా చూసుకోవచ్చు. కొత్త ఫోన్‌కు మారినప్పుడూ పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడూ, ఫోన్ ఇంకొకరి చేతికిచ్చి ఓటీపీ చదివించే ఆ పరీక్షను మరోసారి చేయండి. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా ఫోన్‌తోపాటు డబ్బు కూడా పోతే, వెంటనే 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి, బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించండి, సిమ్‌ను బ్లాక్ చేయించండి.